కీలో ఒక జవాబు, పేపర్లో మరో జవాబు: బూలియన్ ప్రశ్నను ఎలా దిద్దాలి

డిజిటల్ ఎలక్ట్రానిక్స్ పేపర్లో ఈ ప్రశ్న ఏదో ఒక రూపంలో వస్తూనే ఉంటుంది. మూడు వేరియబుల్స్ ఉన్న ఫంక్షన్ ఒకటి ఇచ్చి ట్రూత్ టేబుల్ రాయమంటారు, దాన్ని సింప్లిఫై చేయమంటారు, ఆపైన గేట్లతో బొమ్మ గీయమంటారు. కీ ఒక్క లైనే కాబట్టి దిద్దడం తేలికనిపిస్తుంది. కానీ పిల్లవాడు రాసింది కీలో ఉన్నట్టు లేదని మార్కులు కోయడం ఎక్కువగా జరిగేదీ ఈ ప్రశ్నలోనే. విజయవాడ, గుంటూరు కాలేజీల్లో మిడ్ పేపర్లు దిద్దేవాళ్లకైనా, మొదటిసారి స్పాట్‌కు వెళ్తున్న లెక్చరర్లకైనా పనికొచ్చేలా ఒక్క ప్రశ్ననే తీసుకుని మొదటి నుంచి చివరి దాకా దిద్దుదాం.

ప్రశ్న ఇది. మొత్తం 10 మార్కులు: ట్రూత్ టేబుల్‌కు 3, సింప్లిఫికేషన్‌కు 4, బొమ్మకు 3.

```
F(A,B,C) = Σm(0,1,2,5,6,7)
```

కీలో ఇచ్చిన జవాబు:

```
F = A'B' + BC' + AC
```

## మొదటి పేపర్ తెరవక ముందు

కీని పక్కన పెట్టి, ప్రశ్నను ముందు మీరే చేయండి. ఒక తెల్ల కాగితం మీద ట్రూత్ టేబుల్లోని F నిలువు వరసను అడ్డంగా, 0వ అడ్డు వరస నుంచి 7వ దాకా రాసుకోండి. నాలుగు అంకెల తర్వాత కాస్త ఖాళీ వదిలితే కంటికి తేలిక.

```
F = 1110 0111
```

ఈ పేపర్లు దిద్దినంతసేపూ మీకు అసలు కీ ఈ ఎనిమిది అంకెలే. పిల్లలు రాసే ఏ టర్మ్‌నైనా ఇలాగే ఎనిమిది అంకెలుగా రాయొచ్చు. A' అంటే మొదటి నాలుగు స్థానాలు, A అంటే చివరి నాలుగు. B ఉంటే ప్రతి నాలుగింటిలో చివరి రెండు, B' అయితే మొదటి రెండు. C ఉంటే ప్రతి జతలో రెండోది, C' అయితే మొదటిది. కీలోని మూడు టర్మ్‌లను ఇలా రాసి ఒకదాని కింద ఒకటి పేర్చండి:

```
A'B'  1100 0000
BC'   0010 0010
AC    0000 0101
F     1110 0111
```

ఏ నిలువు గీతలో ఒక్క 1 ఉన్నా కింద 1 పడుతుంది. అంతే పని. నాలుగైదు పేపర్లయ్యాక ఇది మనసులోనే జరిగిపోతుంది. ఏ జవాబు చూసినా అర నిమిషంలో తేలుతుంది.

ఇప్పుడు ఇదే ప్రశ్నకు ఇంకో జవాబు చూడండి.

```
A'C'  1010 0000
B'C   0100 0100
AB    0000 0011
F     1110 0111
```

దీనికీ మూడు టర్మ్‌లే, ఒక్కో టర్మ్‌లో రెండేసి అక్షరాలే. కీలోని జవాబుకు ఇది ఏ రకంగానూ తక్కువది కాదు. కారణం కె-మ్యాప్ చూస్తే తెలుస్తుంది. ఆరు 1లూ 0, 1, 5, 7, 6, 2 అనే క్రమంలో గొలుసులా ఒకదాని పక్కన ఒకటి ఉండి, చివరి 2 మళ్లీ 0 పక్కకే వస్తుంది. నాలుగింటి గ్రూప్ ఎక్కడా పడదు. ఆ గొలుసును రెండేసిగా విడగొట్టడానికి రెండు దారులున్నాయి: 0-1, 5-7, 6-2 అని విడగొడితే కీలోని జవాబు, 1-5, 7-6, 2-0 అని విడగొడితే రెండోది. ప్రశ్న తయారు చేసినవాళ్లు సాధారణంగా ఒకటే రాసి పంపుతారు. క్లాసులో సగం మంది రెండోది రాసినా ఆశ్చర్యపోనక్కర్లేదు.

ఇవి కాక, ప్రశ్నలో ఎస్‌ఓపీ రూపమే కావాలని లేకపోతే ఇంకో రెండు జవాబులు కూడా నిలబడతాయి. F సున్నా అయ్యేది 3, 4 దగ్గర మాత్రమే కాబట్టి ఆ సున్నాలను పట్టుకుని పీఓఎస్‌లో రాసేవాళ్లు ఉంటారు. A'ను, Aను కామన్ తీసి ఆపేసేవాళ్లూ ఉంటారు.

```
F = (A + B' + C')(A' + B + C)
F = A'(BC)' + A(B + C)
```

రెండూ సరైనవే, రెండింటిలోనూ అక్షరాలు ఆరే. ఈ నాలుగు జవాబులనూ ఆ తెల్ల కాగితం మీద రాసి ఎదురుగా పెట్టుకోండి. స్పాట్‌లో ఉంటే దిద్దడం మొదలుపెట్టక ముందే చీఫ్ ఎగ్జామినర్‌కు చూపించి, స్కీమ్‌లో చేర్పించండి. ఒక టేబుల్ దగ్గర రెండో జవాబుకు నాలుగు మార్కులు, పక్క టేబుల్ దగ్గర సున్నా పడటం కంటే ఐదు నిమిషాలు ఆలస్యమే నయం.

## ట్రూత్ టేబుల్: 3 మార్కులు

మూడు మార్కులను ఇలా పంచుకోండి: ఎనిమిది ఇన్‌పుట్ వరసలూ ఉంటే 1, F నిలువు వరసకు 2. F వరసలో ఒకటి రెండు తప్పులకు ఒక్కోదానికి అర మార్కు తీయండి. నాలుగు లేదా అంతకన్నా ఎక్కువ తప్పులుంటే ఆ 2 మార్కులూ పోయినట్టే. ఎందుకంటే ఊరికే ఊహించి రాసినా సగటున నాలుగు కుదురుతాయి.

ముందు చూడాల్సింది వరసల క్రమం. 000 నుంచి 111 దాకా వరసగా రాయాలన్నది సౌలభ్యం మాత్రమే, నియమం కాదు. 111 నుంచి కిందికి దిగుతూ రాసినవాళ్లకూ, కె-మ్యాప్ క్రమంలో 00, 01, 11, 10 అని రాసినవాళ్లకూ పూర్తి మార్కులే. కాకపోతే అలాంటి పేపర్లో F వరసను పైనుంచి కిందికి గుడ్డిగా చదివి మీ ఎనిమిది అంకెలతో పోల్చకండి. మొదట ఇన్‌పుట్ చూసి, దాని ఎదురుగా ఉన్న F చూడాలి.

ఒకే ఇన్‌పుట్ రెండుసార్లు రావడం, ఇంకోటి తప్పిపోవడం కూడా చాలా పేపర్లలో కనిపిస్తుంది. 011 రాయాల్సిన చోట మళ్లీ 010 పడుతుంది. దీన్ని పట్టుకోవడానికి ఎనిమిదీ చదవక్కర్లేదు. A, B, C నిలువు వరసల్లో ఒక్కోదానిలో సరిగ్గా నాలుగు 1లు ఉన్నాయో లేదో చూడండి. ఏ వరసలోనైనా మూడో ఐదో ఉంటే ఎక్కడో తేడా వచ్చినట్టే.

F వరసలో ఒకటి రెండు కాక ఒకేసారి నాలుగు తప్పులు కనిపిస్తే వెంటనే సున్నా వేయకండి. 1, 3, 4, 6 వరసల దగ్గరే తప్పులుంటే, ఆ పిల్లవాడు Aను కుడి చివరి అంకెగా తీసుకున్నాడన్నమాట. అతని లెక్కలో m1 అంటే A=1, B=0, C=0. మీ క్రమంలో పెడితే అతని F ఇలా ఉంటుంది:

```
1011 1101
```

ఇది నాలుగు తప్పులు కాదు, ఒక్క తప్పు. F(A,B,C) అని రాసినప్పుడు A పెద్ద స్థానమన్నది మన పుస్తకాల్లో వాడే పద్ధతి. అది పాటించనందుకు ఒకసారి 1 మార్కు తీసేయండి. మిగతా పేపరంతా అతని F ప్రకారమే దిద్దాలి. అతని F కూడా గొలుసు రకమే కాబట్టి దానికీ రెండు జవాబులుంటాయి, అవీ రాసిపెట్టుకోండి: `A'C' + BC + AB'` లేదా `B'C' + A'B + AC`.

ఇక చేతిరాత. కొట్టేసి పైన తిరగరాసిన 0, 1లు చదవలేకపోతే పిల్లవాడు తర్వాత గీసిన కె-మ్యాప్‌లో అదే గడి చూడండి. అక్కడ ఏముంటే అదే అతను అనుకున్నది. రెండు చోట్లా అర్థం కాకపోతే మాత్రం తప్పు కిందే లెక్క.

## సింప్లిఫికేషన్: 4 మార్కులు

ఇక్కడ పాటించాల్సిన సూత్రం ఒక్కటే. కె-మ్యాప్‌ను పిల్లవాడి ట్రూత్ టేబుల్‌తో పోల్చి దిద్దాలి, మీ కీతో కాదు. టేబుల్లో పోయిన మార్కు అక్కడే పోయింది. అదే తప్పుకు ఇక్కడా, బొమ్మలోనూ మళ్లీ కోస్తే ఒక్క అంకె తేడాకు ఏడెనిమిది మార్కులు పోతాయి. దీనికి ఒక హద్దు ఉండాలి. అతని తప్పు వల్ల లెక్క మరీ చిన్నదైపోయి, ఏ పనీ లేకుండా F = A లాంటిది వచ్చేస్తే నాలుగుకు నాలుగు ఇవ్వలేం. అప్పుడు రెండుతో ఆపాలి.

కె-మ్యాప్‌తో చేసినవాళ్లకు పంపకం: మ్యాప్ గీసి నింపినందుకు 1, గ్రూపులకు 1, గ్రూపుల నుంచి టర్మ్‌లు చదివినందుకు 1, చివరి సమీకరణానికి 1. ఆల్జీబ్రాతో చేసినవాళ్లకు: ఆరు మింటర్మ్‌లూ రాసినందుకు 1, మధ్య మెట్లకు 2, చివరిదానికి 1.

మ్యాప్‌లో మొదట పైన రాసిన అంకెలు చూడండి. 00, 01, 11, 10 అని ఉండాలి. 00, 01, 10, 11 అని మామూలు లెక్కింపు క్రమంలో రాసేవాళ్లు ప్రతి కట్టలో ఒకరిద్దరైనా ఉంటారు. ఈ ప్రశ్నలో ఆ తప్పు ఏం చేస్తుందో చూడండి:

```
BC     00  01  10  11
A=0     1   1   1   0
A=1     0   1   1   1
```

నట్టనడుమ నాలుగు 1లతో చక్కని చతురస్రం కనిపిస్తుంది. పిల్లవాడు సంతోషంగా దాన్ని చుట్టేస్తాడు. ఆ నాలుగు గడుల్లో A మారుతోంది, B మారుతోంది, C మారుతోంది, కాబట్టి మూడూ కొట్టేస్తాడు. ఇక మిగిలేది F = 1. నిజానికి 01, 10 పక్కపక్క గడులు కావు, వాటి మధ్య రెండు అంకెలు మారుతున్నాయి. ఇలాంటి పేపర్లో గడులు సరిగ్గా నింపి ఉంటే మ్యాప్‌కు అర మార్కు ఇవ్వండి. గ్రూపు తప్పు, చివరి జవాబు తప్పు. టర్మ్ చదివిన పద్ధతి మాత్రం సరైనదే కాబట్టి దాని 1 మార్కు ఇవ్వొచ్చు. మొత్తం 1½.

అదే F = 1 ఆల్జీబ్రాలో ఇంకో దారిన వస్తుంది. ఆరు మింటర్మ్‌లను జతలు కట్టేటప్పుడు కొందరు ఇక్కడికి చేరుకుంటారు:

```
F = A'B' + A'C' + AB + AC
```

ఇప్పటిదాకా అంతా సరే. వరసగా రాసి చూస్తే 1110 0111 వస్తుంది. ఇక్కడే చాలామంది `A'B' + AB = 1` అని రాసేస్తారు. X + X' = 1 అన్న నియమం గుర్తొచ్చి, ABకి A'B' పూరకమనుకుంటారు. AB పూరకం A' + B' తప్ప A'B' కాదు. A=0, B=1 పెట్టి చూస్తే A'B' + AB సున్నా అవుతుంది. ఈ తప్పు ముందు దాకా వచ్చిన మెట్లకు మార్కులివ్వండి: మింటర్మ్‌లకు 1, నాలుగు టర్మ్‌ల దాకా వచ్చినందుకు 1½. అంటే నాలుగుకు రెండున్నర. రెండు పేపర్లలోనూ చివర F = 1 అనే ఉన్నా మార్కుల్లో తేడా ఎందుకొచ్చిందో ఇద్దరి పేపర్లూ పక్కపక్కన పెడితే ఎవరికైనా కనిపిస్తుంది.

నాలుగు టర్మ్‌ల దగ్గర ఆపేసినవాళ్ల సంగతి వేరు. వాళ్ల జవాబు తప్పు కాదు, పూర్తి కాలేదు అంతే. ప్రశ్నలో మినిమైజ్ చేయమని ఉంటే చివరి మార్కు తీసేసి మూడు ఇవ్వండి. కె-మ్యాప్‌లో ఆరు జతలూ చుట్టి ఆరు టర్మ్‌లు రాసినవాళ్లకూ ఇదే వర్తిస్తుంది. అక్కడ గ్రూపుల మార్కులో కూడా అర కోయడం మా దృష్టిలో సబబే, ఎందుకంటే ఒక గ్రూపులోని 1లన్నీ ఇప్పటికే వేరే గ్రూపుల్లో కవర్ అయి ఉంటే దాన్ని చుట్టకూడదన్నది కె-మ్యాప్‌లో నేర్చుకోవాల్సిన ముఖ్యమైన విషయం.

ఈ ప్రశ్నలో దాక్కున్న అసలు ఇబ్బంది ఇంకోటి ఉంది. 1110 0111ను వెనక నుంచి చదివినా అలాగే ఉంటుంది. అంటే మూడు వేరియబుల్స్‌కూ బార్‌లు తారుమారు చేసినా F మారదు. కొందరు పిల్లలు గ్రూపులు సరిగ్గా చుట్టి, టర్మ్ చదివేటప్పుడు 0 ఉన్నచోట A అని, 1 ఉన్నచోట A' అని రాస్తారు. పీఓఎస్ పద్ధతి, ఎస్‌ఓపీ పద్ధతి కలిసిపోయి వచ్చే తప్పు ఇది. అలాంటివాళ్లు 0-1 గ్రూపుకు AB అని, 6-2 గ్రూపుకు B'C అని, 5-7 గ్రూపుకు A'C' అని రాస్తారు. మూడూ కలిపితే `AB + B'C + A'C'`. అది మన రెండో సరైన జవాబే!

చివరి లైన్ మాత్రమే చూస్తే దీనికి నాలుగుకు నాలుగు పడిపోతాయి. అందుకే ఆ రెండో జవాబు కనిపించిన ప్రతి పేపర్లో మ్యాప్‌లోని గ్రూపులు చూడండి. 7-6 చుట్టి AB అని రాశాడా, 0-1 చుట్టి AB అని రాశాడా? మొదటిదైతే నాలుగు మార్కులు. రెండోదైతే టర్మ్‌లు చదివిన మార్కు పోతుంది. చివరి సమీకరణం యాదృచ్ఛికంగా కుదిరింది కాబట్టి దాని మార్కు కూడా ఇవ్వనక్కర్లేదు, రెండుతో సరి. ఆల్జీబ్రాలో చేసినవాళ్లకైతే మొదటి లైనులోనే ఇది బయటపడుతుంది: m0 దగ్గర A'B'C' ఉందా ABC ఉందా చూస్తే చాలు. ఇకపై మీరే ప్రశ్న తయారు చేసేటప్పుడు ఇలా వెనక నుంచి కూడా ఒకేలా చదివే ఫంక్షన్ ఇవ్వకపోతే ఈ తలనొప్పి ఉండదు.

మెట్లేమీ లేకుండా చివరి జవాబు ఒక్కటే రాసే పిల్లలు కూడా ఉంటారు. ఇంటర్‌లో బిట్లు చేసి చేసి వచ్చిన అలవాటు అది. జవాబు సరైనదైనా మెట్లకు కేటాయించిన మార్కులు ఇవ్వలేం. చివరి 1, ఆరు మింటర్మ్‌లు గానీ నింపిన మ్యాప్ గానీ ఉంటే ఇంకో 1. కానీ రఫ్ వర్క్ వెతకకుండా ఈ నిర్ణయానికి రాకండి. బుక్‌లెట్ చివరి పేజీలోనో, అదే పేజీ అంచున పెన్సిల్‌తోనో మ్యాప్ గీసి ఉండొచ్చు. కొట్టేయకుండా ఉంటే దాన్ని లెక్కలోకి తీసుకోవాలి.

## బార్ ఎంత పొడుగు

చేతిరాతలో బార్ చదవడమే అన్నిటికన్నా కష్టం. అచ్చులో A' అని పెడతాం గానీ పిల్లలందరూ అక్షరం మీద గీతే గీస్తారు. BC మీద ఒకే పొడుగు గీత ఉంటే అది (BC)'. రెండు పొట్టి గీతలుంటే B'C'. మధ్యలో వెంట్రుక వాసి ఖాళీ ఉంటే? ఈ ప్రశ్నలో కామన్ తీసినవాళ్ల జవాబులో సరిగ్గా ఇదే సమస్య వస్తుంది.

```
A'(BC)' + A(B + C)    1110 0111
A'B'C' + A(B + C)     1000 0111
```

పైది సరైనది, కిందిది రెండు చోట్ల తప్పు. తేల్చడానికి మూడు ఆధారాలున్నాయి. మొదటిది, దాని ముందు లైను. అక్కడ A'(B' + C') అని ఉంటే డి మోర్గాన్ సూత్రంతో వచ్చేది (BC)' కాబట్టి పిల్లవాడు పొడుగు గీతే గీయాలనుకున్నాడు. రెండోది, తర్వాతి బొమ్మ. అక్కడ B, C కలిసి ఒక నాండ్ గేట్‌లోకి వెళ్తే పొడుగు బార్, రెండు నాట్ గేట్లలోంచి విడివిడిగా వెళ్తే రెండు బార్‌లు. మూడోది, పెన్ను కదలిక. ఒకే ఊపులో గీసిన గీత మధ్యలో సిరా పలచబడి తెగినట్టు కనిపించవచ్చు గానీ, విడివిడిగా గీసిన వాటికి రెండింటికీ మొదట్లో చిన్న చుక్కలాంటి ఒత్తు ఉంటుంది. ముందు లైను, బొమ్మ రెండూ ఒకే మాట చెబుతుంటే దాన్నే ఖాయం చేసుకోండి. ఆ రెండూ తేల్చలేకపోతే అనుమానం పిల్లవాడి వైపు వదిలేయడమే న్యాయం.

గీతల బుక్‌లెట్లలో ఇంకో చిక్కు. కాగితం మీద అచ్చయిన గీతే బార్‌లా కనిపిస్తుంది, లేదా పిల్లవాడు గీసిన బార్ సరిగ్గా ఆ గీత మీద పడి మాయమైపోతుంది. పేజీని కాస్త వంచి పక్క నుంచి వెలుతురు పడేలా చూస్తే పెన్ను గీత తెలిసిపోతుంది. మధ్యాహ్నం దాటాక ట్యూబ్‌లైట్ కింద దిద్దేటప్పుడు ఇది మరీ అవసరం. ఒక మెట్టులో ఉన్న బార్ తర్వాతి మెట్టులో పోయి, ఆపై మెట్టులో మళ్లీ వచ్చిందంటే అది రాతలో జారిందే తప్ప తప్పు చేయడం కాదు. పావు మార్కు కూడా తీయకండి.

## బొమ్మ: 3 మార్కులు

బొమ్మను కీలోని బొమ్మతో కలిపి చూడటం మానేయండి. పిల్లవాడి సమీకరణం ఒకటి, పిల్లవాడి బొమ్మ ఒకటి. ఈ రెండూ కలిశాయా అన్నదే ప్రశ్న. సరైన గేట్లు వాడితే 1, కలపడం సరిగ్గా ఉంటే 1½, ఇన్‌పుట్, అవుట్‌పుట్ పేర్లు రాసి ఉంటే ½.

చదవడం F వైపు నుంచి మొదలుపెట్టండి. చివరి గేట్ ఏమిటి? ఆర్. దానిలోకి ఎన్ని వైర్లు వస్తున్నాయి? ఒక్కో వైరు వెంట వెనక్కి వెళ్లి, అది ఏ ఆండ్ గేట్ నుంచి వచ్చిందో, ఆ గేట్‌లోకి ఏవేవి వెళ్తున్నాయో చూసి, గేట్ పక్కన ఎర్ర సిరాతో ఆ టర్మ్ రాసేయండి. మూడు టర్మ్‌లూ రాశాక సమీకరణంతో పోల్చితే పని అయిపోతుంది. ఎడమ నుంచి మొదలుపెడితే A, B, C వైర్ల చిక్కుముడిలో పడి దారి తప్పుతారు.

కీలోని జవాబుకు 3 నాట్, 3 రెండు ఇన్‌పుట్ల ఆండ్, 1 మూడు ఇన్‌పుట్ల ఆర్ గేట్ కావాలి. మూడు ఇన్‌పుట్ల ఆర్ బదులు రెండు ఇన్‌పుట్ల ఆర్‌లు రెండు వాడినా మార్కు పోదు. డబ్బాల్లో &, ≥1 అని రాసే గుర్తులు కూడా చెల్లుతాయి.

చేతితో గీసిన గేట్లలో ఆండ్, ఆర్ గుర్తుపట్టడానికి ముక్కు చూడకండి, వీపు చూడండి. వీపు నిటారు గీతైతే ఆండ్, లోపలికి వంగితే ఆర్. ముక్కు గుండ్రంగా ఉందా మొనదేలి ఉందా అన్నది తొందరలో ఎవరి చేతిలోనైనా మారిపోతుంది. వీపు కూడా అటూ ఇటూ కాకుండా ఉంటే, స్థానం చెబుతుంది: ఎస్‌ఓపీ బొమ్మలో మొదటి వరస ఆండ్, చివరిది ఆర్. పేరు రాసి ఉంటే ఇక అనుమానమే లేదు.

నాట్ గేట్ ముందు బబుల్ లేకపోతే అది ఉత్త బఫర్, సిగ్నల్ మారదు. అర మార్కు తీయండి. దాని అవుట్‌పుట్ మీద B' అని రాసి ఉన్నా ఆ అర పోతుంది గానీ కలపడానికి ఉన్న మార్కులు ముట్టుకోవద్దు.

వైర్లు దాటే చోట చుక్క ఉంటే కలిసినట్టు, లేకపోతే దాటి వెళ్లినట్టు. A, B, C మూడు నిలువు గీతలు గీసి అక్కడి నుంచి అడ్డంగా తీసే పద్ధతిలో చుక్కలు పెట్టడం సగం మంది మర్చిపోతారు. అడ్డగీత నిలువు గీత దగ్గర ఆగిపోతే అది అక్కడ కలిసినట్టే, చుక్క లేకపోయినా పూర్తి మార్కులివ్వండి. అడ్డగీత రెండు మూడు నిలువు గీతలను దాటుకుంటూ పోయి, ఎక్కడా చుక్క లేకపోతే ఏ వేరియబుల్ తీసుకున్నాడో తెలియదు. అలాంటి ఒక్కో చోటుకు అర మార్కు తీయాలి. అన్నిటికన్నా పెద్ద తప్పు, మూడు ఆండ్ అవుట్‌పుట్లనూ ఆర్ లేకుండా ఒకే వైరుకు కలిపి F అని రాయడం. మామూలు గేట్లతో నిజంగా అలా కలిపితే ఒకటి 1 వైపు, ఇంకోటి 0 వైపు లాగి అవుట్‌పుట్లు కొట్టుకుంటాయి. దీనికి 1 మార్కు తీయండి.

## ఒక పేపర్ పూర్తిగా

పిల్లవాడి టేబుల్లో 110 దగ్గర F = 0 అని ఉంది, మిగతా ఏడూ సరే. కె-మ్యాప్‌లో క్రమం సరైనది, 6వ గడి ఖాళీ. గ్రూపులు 0-2, 5-7, 0-1. జవాబు:

```
F = A'C' + AC + A'B'
```

బొమ్మలో మూడు ఆండ్‌లు, ఒక ఆర్, వైర్లన్నీ సరైన చోట. B దగ్గరి నాట్‌కు బబుల్ లేదు. పేర్లన్నీ రాశాడు.

టేబుల్‌కు 2½. అతని F 1110 0101 కాబట్టి జవాబును దానితో పోల్చాలి: 1010 0000, 0000 0101, 1100 0000 కలిపితే 1110 0101. సరిపోయింది. అతని టేబుల్‌కు ఎస్‌ఓపీలో ఇంతకన్నా చిన్న జవాబు లేదు, లెక్క కూడా తేలికైపోలేదు, కాబట్టి 4కు 4. బొమ్మకు 2½. మొత్తం 9. కీలోని చివరి లైను వెతుక్కుంటూ పోయేవాళ్ల చేతిలో ఇదే పేపర్‌కు నాలుగైదు దాటడం కష్టం.

మార్కులు వేసేటప్పుడు మొత్తం ఒక్కటే 9 అని రాయకండి. టేబుల్ పక్కన 2½, జవాబు పక్కన 4, బొమ్మ పక్కన 2½ అని విడివిడిగా రాయండి. 110 దగ్గర F కింద ఒక గీత గీసి, కె-మ్యాప్ పక్కన "టేబుల్ ప్రకారం సరే" అని రెండు ముక్కలు రాసి వదలండి. పేపర్ రీవాల్యుయేషన్‌కు వెళ్తే రెండో ఎగ్జామినర్ తప్పు జవాబుకు 4 ఎలా వచ్చాయని మళ్లీ మొదటి నుంచి తవ్వుకోకుండా ఉంటారు. విడి మార్కుల్లో అరలు మిగిలితే వాటిని అక్కడికక్కడ పైకి తోయకండి, ప్రశ్న మొత్తం కూడిన తర్వాతే స్కీమ్‌లో చెప్పినట్టు సరిచేయండి.